కొత్త విత్తన డిస్ట్రిబ్యూటర్‌కు సంఘం రాసే మొదటి లేఖ: ప్రాంతం, లక్ష్యం, ధర, ఫోన్ నంబర్లు ఒకే చోట

రబీ వేరుశనగ కాయ ఎండి, శుభ్రమై, బస్తాలకెక్కేసరికి మే నెల వస్తుంది. విత్తనం తయారుచేసే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు డిస్ట్రిబ్యూటర్లను నియమించుకునేది కూడా అప్పుడే. ఒప్పంద పత్రం మీద సంతకాలు అవుతాయి, శాలువా కప్పి ఫొటో దిగుతారు, వాట్సాప్‌లో ఒక స్వాగత సందేశం వెళ్తుంది. అందులో సాధారణంగా పూల బొమ్మ, శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ తరువాత బస్తా ధర ఒక ఫోన్‌లో చెబుతారు, ఏయే మండలాలో ఇంకో ఫోన్‌లో చెబుతారు, ఎన్ని బస్తాలు ఎత్తాలో సమావేశంలో ఎవరో ఒక డైరెక్టరు నోటిమాటగా అంటారు. జూన్‌లో పదును వాన పడిన రోజున దుకాణం ముందు రైతులు నిలబడి ఉంటే, డిస్ట్రిబ్యూటర్ ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ముగ్గురికి చేస్తాడు, మూడు జవాబులు వస్తాయి.

ఈ చిక్కు రాకుండా ఉండాలంటే నియామకం జరిగిన రెండు మూడు రోజుల్లోనే, మొదటి లారీ కదలకముందే, అన్నీ ఒకే చోట ఉండే లేఖ వెళ్లాలి. కదిరి ప్రాంతంలో వేరుశనగ విత్తనం అమ్మే ఒక సంఘాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ లేఖ ఎలా తయారుచేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులోని ధరలు, బస్తాల సంఖ్యలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ సంఘం అంకెలు మీరు వేసుకోవాలి.

లేఖకు ముందు లైసెన్సు

1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు లేనివారు విత్తన వ్యాపారం చేయకూడదు. డిస్ట్రిబ్యూటర్‌కు ఇప్పటికే విత్తన లైసెన్సు ఉన్నా, మీ సంఘం విత్తనం అమ్మడానికి మీరిచ్చే ప్రిన్సిపల్ సర్టిఫికెట్‌ను, అంటే దుకాణాల్లో ‘పీసీ’ అనే పత్రాన్ని, లైసెన్సులో చేర్పించుకోవాలి. ఇది వ్యవసాయ శాఖ కార్యాలయంలో జరిగే పని, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ చేర్పు కాకముందే సరుకు పంపితే, తనిఖీలో విత్తన ఇన్‌స్పెక్టర్ అమ్మకం ఆపివేయవచ్చు. విత్తే అదునులో పది రోజులు అమ్మకం ఆగిందంటే ఆ సీజన్ పోయినట్టే. అందుకే పీసీ కాగితాన్ని లేఖతోపాటే జతపరచండి. ‘లైసెన్సులో చేర్చిన ప్రతి మాకు అందిన తరువాతే మొదటి లోడు పంపుతాం’ అన్న వాక్యం లేఖలో మొదటగా ఉండాలి.

ప్రాంతం రాసేటప్పుడు మరిచిపోయే సంగతి

‘కదిరి ఏరియా’ అని రాస్తే ప్రాంతం చెప్పినట్టు కాదు. మండలాల పేర్లు రాయాలి. మన ఉదాహరణలో కదిరి, తలుపుల, గాండ్లపెంట, నల్లచెరువు మండలాలు అనుకుందాం. పక్కనున్న ముదిగుబ్బ మండలం దుకాణదారు వచ్చి అడిగితే ఏం చేయాలో కూడా ఒక వాక్యంలో చెప్పాలి. అలాంటి ఆర్డరును సంఘానికి తెలియజేయాలని, అక్కడ ఇంకో డిస్ట్రిబ్యూటర్ లేకపోతే రాతపూర్వకంగా అనుమతిస్తామని రాస్తే సరిపోతుంది. వాట్సాప్ సందేశమైనా రాతపూర్వకమే.

అయితే అసలు గొడవ సరిహద్దు మండలం దగ్గర రాదు, సంఘం సొంత సభ్యుల దగ్గర వస్తుంది. సంఘం ఎలాగూ తన సభ్యులకు నేరుగా విత్తనం ఇస్తుంది. దుకాణం ధర కంటే నూరో నూటయాభయ్యో తగ్గించి ఇస్తుంది కూడా. సంఘం పెట్టుకున్నదే అందుకు కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ ఆ సభ్యులు ఉండేది ఇదే నాలుగు మండలాల్లో. తనకు ఇచ్చిన ప్రాంతంలో తన ధర కంటే తక్కువకు బస్తాలు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్‌కు మోసపోయానన్న భావన కలుగుతుంది. పైగా కొందరు సభ్యులు తమకు కావలసినదాని కంటే ఎక్కువ తీసుకుని పక్క రైతులకు అమ్ముకుంటారు. దీన్ని దాచిపెట్టి లాభం లేదు. సభ్యులకు ఎన్ని బస్తాలు పక్కన పెట్టామో, ఏ ధరకు ఇస్తామో, ఒక్కొక్కరికి ఎంత పరిమితో లేఖలోనే చెప్పేయాలి. ఉదాహరణ సంఘం మొత్తం 2,000 బస్తాల్లో 700 సభ్యులకు ఉంచింది. ఒక్కో సభ్యుడికి తొమ్మిది బస్తాలకు మించి ఇవ్వదు. అంటే మూడెకరాలకు సరిపడా విత్తనం.

లక్ష్యం ఎలా కట్టాలి

‘ఈ సీజన్‌కు రెండు వేల బస్తాలు కొట్టాలి’ అని చెప్పడం తేలిక. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో డిస్ట్రిబ్యూటర్‌కు కనిపించకపోతే అతను దాన్ని లెక్కలోకి తీసుకోడు. లెక్కను భూమి నుంచి మొదలుపెట్టండి.

వేరుశనగ కాయల బస్తా 30 కిలోలు. ఎకరాకు గింజలు 60 కిలోలకు తగ్గకుండా కావాలి. కాయ ఒలిస్తే నూటికి డెబ్బై వంతులు గింజ వస్తుందనుకుంటే, ఎకరాకు మూడు బస్తాలు, అంటే 90 కిలోల కాయలు పడతాయి. మీ మండలాల్లో కిందటి ఖరీఫ్‌లో ఎన్ని ఎకరాల్లో వేరుశనగ వేశారో ఈ-పంట నమోదు లెక్కల్లో ఉంటుంది. మండల వ్యవసాయ అధికారిని అడగండి. నాలుగు మండలాలకు కలిపి 20,000 ఎకరాలు అనుకుందాం. మూడు చొప్పున 60,000 బస్తాలు. ఈ అంకె చూసి సంబరపడకండి. చాలామంది రైతులు ఇంట్లో దాచుకున్న కాయనే విత్తుతారు. కొనేవారిలో ఎక్కువమంది రైతు సేవా కేంద్రంలో వచ్చే సబ్సిడీ విత్తనం కోసం చూస్తారు. మిగిలినవారిని మీరూ, ఇతర వ్యాపారులూ పంచుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూడండి. సంఘం దగ్గర ఉన్నవి 2,000 బస్తాలు. సభ్యులకు 700 పోతే 1,300. మొలక ఫిర్యాదు వస్తే మార్చి ఇవ్వడానికి 100 బస్తాలు పక్కన పెట్టాలి. మిగిలినవి 1,200. ఇవి 400 ఎకరాలకు సరిపోతాయి. 20,000 ఎకరాల్లో 400 అంటే నూటికి రెండు. మొదటి ఏడాది అది అందుకోగల అంకె. డిస్ట్రిబ్యూటర్ చేతిలో 14 దుకాణాలు ఉన్నాయనుకుంటే దుకాణానికి సుమారు 85 బస్తాలు పడతాయి. అతను ఒక్కో దుకాణాన్నీ తలచుకుని ‘ఇది అమ్మగలదు, ఇది అమ్మలేదు’ అని చెప్పగలిగే లెక్క ఇది.

లక్ష్యాన్ని నెలవారీగా సమానంగా పంచకండి. ఈ ప్రాంతంలో వర్షాధార వేరుశనగ జూన్, జులై నెలల్లో వాన చూసి విత్తుతారు. దుకాణాల్లోకి సరుకు అంతకుముందే చేరాలి. అందుకని మే 20 నుంచి నెలాఖరు దాకా 500, జూన్‌లో 500, జులై 15 వరకు 200 బస్తాలుగా పెట్టుకోవచ్చు. వాన ఆలస్యమైతే, లేదా సబ్సిడీ విత్తనం అనుకున్నదానికంటే ఎక్కువగా దిగితే, లక్ష్యాన్ని ఏ తేదీన కూర్చుని సవరిస్తారో కూడా రాయండి. వాన మీద ఆధారపడిన సరుకుకు సవరణ తేదీ లేని లక్ష్యం పెట్టడం నా దృష్టిలో అన్యాయం.

ఇంకొక మాట. లక్ష్యం అంటే ఎత్తిన బస్తాలా, నికరంగా అమ్ముడైన బస్తాలా అన్నది స్పష్టంగా ఉండాలి. ప్రోత్సాహకం కోసం 1,200 ఎత్తి, సీజన్ చివర 120 వాపసు ఇచ్చిన డిస్ట్రిబ్యూటర్ నికర అమ్మకం 1,080 మాత్రమే. ప్రోత్సాహకం 1,100 నికర బస్తాల నుంచి మొదలవుతుందని ముందే రాసి ఉంటే వాదన ఉండదు. రాయకపోతే మాత్రం ‘నేను పన్నెండు వందలు ఎత్తాను కదా’ అంటాడు. అతను అన్నదీ సబబే.

ధరల పట్టికలో ఒక్క అంకె చాలదు

ధరల పట్టికలో కనీసం మూడు ధరలు పక్కపక్కన ఉండాలి. డిస్ట్రిబ్యూటర్‌కు పడే ధర, అతను దుకాణదారుకు ఇచ్చే ధర, రైతుకు గరిష్ఠ ధర. మన ఉదాహరణలో బస్తాకు 2,760, 2,850, 3,000 రూపాయలు అనుకుందాం. డిస్ట్రిబ్యూటర్‌కు 90, దుకాణదారుకు 150 మిగులు. గరిష్ఠ ధర మించి అమ్మకూడదని రాయండి. తగ్గించి అమ్ముకోవడం వారి ఇష్టానికి వదిలేయాలి, అందులో సంఘం జోక్యం చేసుకోకూడదు.

ఈ 90 రూపాయలు డిస్ట్రిబ్యూటర్‌కు గిట్టుబాటు అవుతాయా అన్నది సంఘం వాళ్లే ముందు లెక్క వేసి చూడాలి. 1,200 బస్తాలకు 1,08,000 రూపాయలు. దింపుడు కూలి, దుకాణాలకు చేరవేత కలిపి బస్తాకు 30 అనుకుంటే 36,000 పోయి 72,000 మిగులుతాయి. ఇప్పుడు పెట్టుబడి చూడండి. 300 బస్తాల లోడుకు 8,28,000 రూపాయలు కట్టాలి. దుకాణదారులు నెల రోజులకు డబ్బు ఇస్తారనుకుంటే, నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున ఒక్కో లోడు మీద 12,420 రూపాయలు వడ్డీకే పోతాయి. నాలుగు లోడ్లకు 49,680. చేతిలో మిగిలేది 22,320 మాత్రమే. అదే పదిహేను రోజుల్లో వసూలైతే వడ్డీ సగానికి తగ్గి 47,160 మిగులుతాయి. అంటే డిస్ట్రిబ్యూటర్ లాభాన్ని తేల్చేది బస్తా మీద మిగులు కంటే అప్పు గడువే. కాబట్టి ధరల పట్టికలోనే చెల్లింపు గడువు, త్వరగా కడితే వచ్చే తగ్గింపు ఉండాలి. ధర ఒక కాగితంలో, గడువు ఇంకో కాగితంలో ఉంటే సగమే చెప్పినట్టు.

రవాణా ఎవరిది అన్నది తరువాతి తగాదా. ‘గోదాము చేరవేత ధర’ అని రాస్తే లారీ కిరాయి సంఘానిది, దింపుడు కూలి డిస్ట్రిబ్యూటర్‌ది అని విడగొట్టి చెప్పాలి. ఎన్ని బస్తాలకు తక్కువైతే కిరాయి అతనే భరించాలో కూడా చెప్పాలి. విత్తన నాణ్యత గల విత్తనం మీద జీఎస్టీ లేదు. బిల్లు మీద ‘వేరుశనగ విత్తనం’ అని, రకం పేరు, లాట్ నంబరుతో సహా రాయాలి. ఉత్త ‘వేరుశనగ కాయలు’ అని రాస్తే నూనె మిల్లుకు పోయే సరుకుగా కనిపించి చెక్‌పోస్టు దగ్గర ప్రశ్నలు వస్తాయి.

ధరల పట్టికకు నంబరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ పెట్టండి. ధర మారితే పాత పట్టిక మీద కొట్టివేతలు చేయకుండా రెండో నంబరు పట్టిక పంపాలి. మారకముందు డబ్బు కట్టి ఆర్డరు ఇచ్చిన బస్తాలకు పాత ధరే వర్తిస్తుందన్న వాక్యం చాలా కలహాలను ఆపుతుంది.

మిగిలిన బస్తాల సంగతి

వేరుశనగ విత్తనం నిల్వలో త్వరగా సత్తువ కోల్పోయే పంట. ధ్రువీకరించిన విత్తనానికి మొలక పరీక్ష చేసిన తేదీ నుంచి తొమ్మిది నెలలు గడువు ఉంటుంది. మే మొదటి వారంలో పరీక్షించిన లాటుకు ఫిబ్రవరి మొదటి వారం దాకా అన్నమాట. ఖరీఫ్‌లో అమ్ముడుకాని బస్తాలు జులై చివరికల్లా సంఘానికి తిరిగొస్తే, మళ్లీ మొలక చూసుకుని అక్టోబరు, నవంబరులో రబీ రైతులకు ఇవ్వవచ్చు. అదే డిస్ట్రిబ్యూటర్ గోదాములో ఎరువుల బస్తాల పక్కన సెప్టెంబరు చివరి దాకా పడి ఉండి వస్తే బ్రూచిడ్ పురుగు పట్టి, నూనె మిల్లుకు తప్ప పనికిరాకపోవచ్చు. వాపసు తేదీ కఠినంగా ఎందుకు పెట్టామో ఈ కారణంతో సహా రాస్తే డిస్ట్రిబ్యూటర్ దాన్ని మొండితనంగా అనుకోడు.

ఫోన్ నంబర్లు: ఎవరిని దేనికి

సంఘం డైరెక్టర్లు పదిమంది పేర్లు, నంబర్లు ఇవ్వడం మర్యాదగా కనిపిస్తుంది కానీ పనికిరాదు. డిస్ట్రిబ్యూటర్‌కు నాలుగు పనులు ఉంటాయి: ఆర్డరు పెట్టడం, డబ్బు లెక్క సరిచూసుకోవడం, మొలక ఫిర్యాదు చెప్పడం, కాగితాలు తెప్పించుకోవడం. ఒక్కో పనికి ఒక మనిషి, అతను దొరక్కపోతే ఇంకొకరు. ధర గురించి మాట్లాడే అధికారం ఎవరికి ఉందో ఒక్కరి పేరే ఉండాలి. డైరెక్టరు బంధువనో, స్నేహితుడనో ఇంకొకరు ఫోన్‌లో ‘యాభై తగ్గించి ఇస్తాంలే’ అంటే అది చెల్లదని లేఖలోనే ఉండాలి. చదవడానికి కొంచెం కటువుగా ఉంటుంది, అయినా రాయండి.

లేఖ నమూనా

పై సంగతులన్నీ కలిపితే లేఖ ఇలా వస్తుంది. కాగితం మీద రెండు పేజీలకు మించదు.

తేదీ: 10 మే 2026

శ్రీ (పేరు) గారికి, (దుకాణం పేరు), కదిరి.

నమస్కారం. మా సంఘం వేరుశనగ విత్తనానికి 2026 ఖరీఫ్ సీజన్‌కు మిమ్మల్ని డిస్ట్రిబ్యూటర్‌గా నియమించాం. మాతో కలిసినందుకు సంతోషం. పని మొదలుపెట్టడానికి మీకు కావలసిన వివరాలన్నీ ఈ లేఖలో ఉన్నాయి. దీనికీ ఒప్పంద పత్రానికీ ఎక్కడైనా తేడా కనిపిస్తే ఒప్పంద పత్రమే చెల్లుతుంది, వెంటనే మాకు చెప్పండి.

మొదట చేయవలసింది: జతపరచిన ప్రిన్సిపల్ సర్టిఫికెట్‌ను మీ విత్తన లైసెన్సులో చేర్పించి, ఆ ప్రతిని మాకు పంపండి. అది అందిన రెండు రోజుల్లో మొదటి లోడు బయలుదేరుతుంది. విత్తన లైసెన్సు ఉన్న దుకాణాలకే మీరు సరుకు ఇవ్వాలి.

మీ ప్రాంతం: కదిరి, తలుపుల, గాండ్లపెంట, నల్లచెరువు మండలాలు. ఈ సీజన్‌లో ఇక్కడ మరో డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టం. ఇతర మండలాల నుంచి ఆర్డరు వస్తే సరుకు ఇచ్చే ముందు మాకు తెలియజేయండి. మా సభ్యులకు 700 బస్తాలు నేరుగా బస్తా 2,850 రూపాయలకు ఇస్తాం. ఒక్కొక్కరికి తొమ్మిది బస్తాలకు మించి ఇవ్వం. సభ్యత్వ నంబరు లేనిదే ఎవరికీ ఇవ్వం.

సరుకు: కదిరి లేపాక్షి రకం, ధ్రువీకరించిన విత్తనం, నీలం ట్యాగుతో, 30 కిలోల కాయల బస్తా. ప్రతి లోడుతో లాట్ నంబర్లు, పరీక్ష తేదీ, మొలక శాతం ఉన్న జాబితా వస్తుంది.

లక్ష్యం: 1,200 బస్తాలు. మే 31లోపు 500, జూన్ 30లోపు మరో 500, జులై 15లోపు 200. జూన్ 20న మీ దుకాణంలో కూర్చుని వానను, సబ్సిడీ విత్తనం రాకను చూసి ఈ అంకెలను ఇద్దరం కలిసి సవరించుకుందాం. ఎత్తిన బస్తాల్లోంచి వాపసు ఇచ్చినవి తీసివేయగా మిగిలినది నికర అమ్మకం. అది 1,100 దాటితే అన్ని నికర బస్తాల మీదా బస్తాకు 15 రూపాయల చొప్పున ఆగస్టు 10లోపు మీ ఖాతాకు జమ చేస్తాం.

ధర (పట్టిక నెం. 1, మే 10 నుంచి జూన్ 30 వరకు): మీకు బస్తా 2,760 రూపాయలు. దుకాణదారుకు 2,850. రైతుకు గరిష్ఠంగా 3,000. వంద బస్తాలు, ఆపైన మీ గోదాముకు మా ఖర్చుతో చేరుస్తాం, దింపుడు కూలి మీది. వందకు తక్కువైతే కిరాయి మీది. సరుకు అందిన 15 రోజుల్లో చెల్లించాలి. 7 రోజుల్లో చెల్లిస్తే బస్తాకు 20 రూపాయలు తగ్గిస్తాం. ధర మారితే కొత్త నంబరుతో పట్టిక పంపుతాం. అంతకుముందే డబ్బు కట్టిన ఆర్డర్లకు పాత ధరే.

వాపసు: ట్యాగు, కుట్టు చెడని బస్తాలు, ఎత్తిన వాటిలో నూటికి పది వరకు. జులై 25లోపు చెప్పి, 31లోపు చేర్చాలి. ఆ తరువాత వస్తే రబీకి మళ్లీ పరీక్షించి అమ్మే వ్యవధి మాకు ఉండదు. కిరాయి మీది. బస్తాలను చెక్క పలకల మీద, గోడకు ఎడంగా, ఎరువులకు, పురుగుమందులకు దూరంగా పెట్టండి.

మొలక ఫిర్యాదు: రైతు చెప్పిన రోజే లాట్ నంబరు, ట్యాగు ఫొటో, విత్తిన తేదీతో మాకు పంపండి. రెండు రోజుల్లో మా మనిషి పొలానికి వస్తాడు. మేం చూసే వరకు ఆ లాటు అమ్మకం ఆపండి.

సంప్రదించవలసినవారు: ఆర్డర్లు, లోడింగు: (పేరు, ఫోన్), లేకపోతే (పేరు, ఫోన్). బిల్లులు, చెల్లింపులు: (పేరు, ఫోన్). మొలక, నాణ్యత: (పేరు, ఫోన్), ఆదివారం కూడా దొరుకుతారు. లైసెన్సు కాగితాలు: (పేరు, ఫోన్). ధర, ప్రాంతం, వాపసు నిబంధనల్లో మార్పు సీఈఓ సంతకంతో వస్తేనే చెల్లుతుంది. ఇతరులు నోటితో చెప్పినది చెల్లదు.

ఈ లేఖ చదివి, ‘అందింది, అంగీకరిస్తున్నాను’ అని తేదీతో జవాబు పంపగలరు.

ఇట్లు, సీఈఓ, (సంఘం పేరు)

పంపిన తరువాత

లేఖను సంతకంతో పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపి, కాగితం ప్రతి కూడా చేతికివ్వండి. వాట్సాప్‌లో పొడుగు సందేశంగా టైపు చేసి పంపితే రెండు రోజులకే కిందికి వెళ్లిపోతుంది, వెతికినా దొరకదు. జవాబు రాకపోతే ‘చూశారు కదా’ అని ఊరుకోవద్దు. నీలం టిక్కులు అంగీకారం కావు.

రెండో రోజు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. మీ దగ్గర నుంచి దుకాణానికి బస్తా ఎంతకు వెళ్తుంది? జులైలో బస్తాలు మిగిలితే ఎప్పటిలోగా చెప్పాలి? రైతు మొలవలేదంటే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? వీటికి కాగితం చూసైనా సరే సరైన జవాబు చెబితే లేఖ పనిచేసినట్టే. తడబడితే తప్పు అతనిది కాకపోవచ్చు, ఆ భాగం మీరు రాసిన తీరే అర్థం కాకపోయి ఉండవచ్చు. ఆ వాక్యాన్ని తిరగరాసి, అదే లేఖ రెండో ప్రతిగా పంపండి.

మొదటి లోడు దిగిన వారం తరువాత ఒక డైరెక్టరు రెండు మూడు దుకాణాలకు వెళ్లి చూడాలి. నిల్వ, ధరలు రాసే బోర్డు మీద మీ రకం పేరు, ధర ఉన్నాయా? విత్తన డీలర్లు అలా ప్రదర్శించడం ఆ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తప్పనిసరి. రైతుకు ఇచ్చే రశీదు మీద లాట్ నంబరు రాస్తున్నారా? రశీదు మీద లాట్ లేకపోతే, తరువాత మొలక ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ బస్తా మీదో కాదో తేల్చడం ఎవరి వల్లా కాదు. దుకాణంలో ధర 3,000 దాటి కనిపిస్తే డిస్ట్రిబ్యూటర్ మీద అప్పుడే విరుచుకుపడకుండా ముందు అతని బిల్లు చూడండి. చాలాసార్లు అతను 2,850కే ఇచ్చి ఉంటాడు, అప్పు మీద ఇచ్చానంటూ దుకాణదారు కలిపి ఉంటాడు. గరిష్ఠ ధర రైతుకు తెలిసేలా సంఘమే ఆ నాలుగు మండలాల్లో చిన్న కరపత్రం పంచితే దానికి అడ్డుకట్ట పడుతుంది.

ఇంకొక సంకేతం ఆర్డర్ల తీరులో ఉంటుంది. మే చివరికి 500 బస్తాలు ఎత్తి, జూన్ మధ్యలో మంచి పదును పడినా మళ్లీ ఆర్డరు పెట్టలేదంటే, బస్తాలు అతని గోదాములోనే ఉండి ఉండవచ్చు, లేదా ప్రాంతం దాటి పోయి ఉండవచ్చు. జూన్ 20 సమావేశానికి వెళ్లేటప్పుడు లాట్ నంబర్ల జాబితా తీసుకెళ్లి గోదాములో ఉన్నవి లెక్క పెట్టండి. దుకాణాల రశీదుల్లో ఆ లాట్ నంబర్లు కనిపిస్తే సరుకు మీ మండలాల్లోనే ఉంది. ముదిగుబ్బలో కనిపిస్తే ప్రాంతం గురించి అప్పుడే మాట్లాడాలి, జులై దాకా ఆగకూడదు.

డిస్ట్రిబ్యూటర్ ప్రతి లాటు నుంచీ ఒక బస్తాను కుట్టు విప్పకుండా సీజన్ ముగిసేదాకా పక్కన పెట్టేలా చూడండి. దుకాణాలకు సరుకు పంచేముందు మీ దగ్గరున్న అదే లాటు కాయలు ఒలిచి వంద గింజలు తడి గోనెపట్టలో చుట్టి పెడితే, వారం పది రోజుల్లో ఎన్ని మొలిచాయో మీరే లెక్కపెట్టుకోవచ్చు. వేరుశనగకు కనీస మొలక డెబ్బై శాతం. ఇంట్లో చేసిన ఈ పరీక్ష ప్రయోగశాల నివేదికకు బదులు కాదు, వివాదంలో చెల్లదు. కానీ అరవై దగ్గర ఆగిపోతే ఆ లాటును దుకాణాలకు పంపకుండా ఆపి, ప్రయోగశాలకు నమూనా పంపడానికి అది చాలు. ఆ సంగతి డిస్ట్రిబ్యూటర్‌కు నాణ్యత నంబరు నుంచే, లాట్ నంబరుతో సహా, అదే రోజు వెళ్లాలి.